గేమ్ స్టూడియోలో జూనియర్ టెస్టర్ ఉద్యోగానికి కవర్ లెటర్: వాళ్ల గేమ్‌లోనే ఒక బగ్ పట్టుకుని రాయడం ఎలా?

ఫోన్ గేమ్ స్టూడియోలో జూనియర్ క్యూఏ, అంటే టెస్టర్ పోస్టుకు దరఖాస్తు చేసేవాళ్లలో చాలామంది కవర్ లెటర్‌ని ఒకే మాటతో మొదలుపెడతారు: "చిన్నప్పటి నుంచి నాకు గేమ్స్ అంటే ప్రాణం." చదివే క్యూఏ లీడ్‌కి, అంటే టెస్టర్ల టీమ్‌ని నడిపేవాళ్లకి, దానివల్ల తెలిసేదేమీ లేదు. గేమ్ అంటే ఇష్టమున్నవాళ్లు లెవెల్ గెలిచి ముందుకు పోతారు. టెస్టర్ అదే లెవెల్‌ని మధ్యలో ఆపి, కాల్ వచ్చేలా చేసి, నెట్ తీసేసి, మళ్లీ మొదటి నుంచి ఆడతారు. ఆ ఓపిక మీకు ఉందా, చూసింది చూసినట్టు రాయడం వచ్చా అనేదే లీడ్ వెతికేది. పాత కంపెనీ పేరు, అనుభవ పత్రం లేకుండా సొంతంగా నేర్చుకున్నవాళ్లకు దాన్ని చూపించడానికి ఒక మంచి దారి ఉంది. ఆ స్టూడియో విడుదల చేసిన గేమ్‌లోనే ఒక బగ్ పట్టుకుని, దాన్ని లెటర్ మధ్యలో నాలుగైదు వాక్యాల్లో పెట్టడమే.

ఇలా రాసే లెటర్‌కి టైమ్ అంతా ఫోన్ దగ్గరే పోతుంది, రాయడానికి ఒక పూట చాలు. కాబట్టి ఫోన్ దగ్గర నుంచే మొదలుపెడదాం.

మొదట ఫిర్యాదు వెతకండి

ఉద్యోగ ప్రకటనని రెండుసార్లు చదవండి. ఆండ్రాయిడా, ఐఫోనా, రెండూనా అన్నది చూడండి. గేమ్ ఇప్పటికే మార్కెట్లో నడుస్తోందా, ఇంకా తయారవుతోందా అన్నది కూడా చూడండి. నడుస్తున్న గేమ్ అయితే రోజువారీ పనిలో పెద్ద భాగం రిగ్రెషన్, అంటే కొత్త అప్‌డేట్ వచ్చినప్పుడు పాతవి చెడిపోలేదని మళ్లీ సరిచూడటం. మీ లెటర్‌లోని ఉదాహరణ కూడా ఆ పనికి దగ్గరగా ఉంటే మంచిది.

తర్వాత గేమ్ ఇన్‌స్టాల్ చేసి, ఒకటి రెండు రోజులు మామూలుగా ఆడండి. ఇప్పుడే బగ్‌ల కోసం వెతకొద్దు. మామూలుగా ఎలా నడుస్తుందో తెలియకపోతే తేడా వచ్చినప్పుడు పట్టుకోలేరు. ఆ తర్వాత స్టోర్ పేజీకి వెళ్లి, తక్కువ స్టార్లు ఇచ్చిన రివ్యూలని కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదవండి. "యాడ్ మొత్తం చూశాను, లైఫ్ ఇవ్వలేదు, మోసం" లాంటివి కనిపిస్తాయి. అందులో ఏ ఫోన్, ఏ వెర్షన్, ముందు ఏం చేశారు అన్నవి ఏవీ ఉండవు. స్టూడియోకి ఇలాంటివి రోజూ వస్తుంటాయి, కానీ వాటిని పట్టుకుని డెవలపర్ ఏమీ చేయలేరు. ఆ కోపంలోంచి ఎవరైనా మళ్లీ చేసి చూడగలిగే స్టెప్స్ రాబట్టడం టెస్టర్ పని. మీరు చేయబోయేది కూడా అదే.

కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా స్పెల్లింగ్ తప్పులు, బటన్ అంచు కొంచెం పక్కకి జరగడం లాంటివి ఏరుకుంటారు. అవీ బగ్‌లే, కానీ లెటర్‌లో పెట్టడానికి బలం చాలదు, ఎందుకంటే అవి చూడగానే కనిపిస్తాయి, మీ ఆలోచన వాటిలో కనిపించదు. ఫోన్‌కి, గేమ్‌కి మధ్య అతుకు ఉన్న చోట వెతకండి. కాల్ వచ్చినప్పుడు, హోమ్ బటన్ నొక్కినప్పుడు, వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినప్పుడు, యాడ్ తెరుచుకుని మూసుకున్నప్పుడు, కొనుగోలు మధ్యలో నెట్ పోయినప్పుడు. ఈ చోట్లలో దేన్నో ఒకదాన్ని ఎంచుకుని, దానిమీదే ఉండండి.

ఒక బగ్‌ని చివరిదాకా తవ్వండి

పైన చెప్పిన యాడ్ ఫిర్యాదునే తీసుకుందాం. ఊహకి ఒక పజిల్ గేమ్ అనుకోండి. లైఫ్‌లు 0 అయితే "యాడ్ చూసి 1 లైఫ్ పొందండి" అనే బటన్ వస్తుంది. దాని కింద ఈరోజు ఇంకా 5 యాడ్లు మిగిలి ఉన్నాయని చూపిస్తుంది. మామూలుగా ఆడితే అంతా బాగానే ఉంది: యాడ్ చూశారు, మూసే గుర్తు నొక్కారు, లైఫ్ వచ్చింది, మిగిలినవి 4 అయ్యాయి. మరి రివ్యూ రాసినాయనకి ఎందుకు రాలేదు?

మనుషులు యాడ్ దగ్గర ఏం చేస్తారో ఆలోచించండి. ఫోన్ పక్కన పెడతారు, ఇంకో యాప్‌లోకి వెళ్తారు. అదే చేసి చూడండి. యాడ్ మొత్తం అయిపోయి, మూసే గుర్తు కనిపించాక, దాన్ని నొక్కకుండా హోమ్ నొక్కండి. కెమెరా తెరిచి, ఒక నిమిషం ఉంచి, మళ్లీ గేమ్‌కి రండి. 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్లో గేమ్ లోగోతో మొదటి నుంచి తెరుచుకుంది. లైఫ్‌లు 0 అలాగే ఉన్నాయి. మిగిలిన యాడ్లు మాత్రం 4 అయ్యాయి.

ఇక్కడ తొందరపడి "బగ్ దొరికింది" అని రాయొద్దు. ముందు ఇది బగ్గేనా అని మీతో మీరే వాదించుకోండి. యాడ్ మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్లకి లైఫ్ ఇవ్వకపోవడం న్యాయమే, గేమ్‌ని అలాగే తయారు చేసి ఉండొచ్చు. అందుకే హోమ్ నొక్కే క్షణం ముఖ్యం. యాడ్ పూర్తయ్యాకే నొక్కాలి. ఇంకో సంగతి, గేమ్ ఆ యాడ్‌ని లెక్కలోంచి తీసేసుకుంది, ఇవ్వాల్సింది ఇవ్వలేదు. చూసినట్టు లెక్కేస్తే లైఫ్ ఇవ్వాలి, చూడనట్టు లెక్కేస్తే 5 అలాగే ఉండాలి. రెండింటిలో ఏది సరైనదో స్టూడియో ఇష్టం. రెండూ జరగకపోవడం మాత్రం తప్పే. "ఏం జరగాలి" అన్నదాన్ని మీ అభిప్రాయంగా చెప్పకుండా గేమ్ సొంత లెక్కలోంచే చూపించారు కాబట్టి ఎవరూ కాదనలేరు.

ఇప్పుడు లెక్క తీయండి. ఒకే పనిని ఒకే విధంగా ఎన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చిందో రాసుకోవాలి. పాత ఫోన్లో 10కి 7 సార్లు బగ్ వచ్చిందనుకోండి. 8 జీబీ ర్యామ్ ఉన్న ఇంకో ఫోన్లో 10కి ఒక్కసారి కూడా రాలేదు. రోజుకి 5 యాడ్లే ఇస్తారు కాబట్టి ఒక్కో ఫోన్ మీద ఇది రెండు రోజుల పని. తేదీ ముందుకు జరిపి లిమిట్ దాటేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేస్తే మీ ఫలితంలో ఇంకో కారణం కలిసిపోతుంది, ఆ తర్వాత ఏది దేనివల్ల జరిగిందో చెప్పలేరు. ఆగండి, రేపు చేయండి. ఇంకో చిన్న ఉచ్చు కూడా ఉంది. ఇలాంటి గేమ్స్‌లో కొంతసేపటికి లైఫ్ దానంతటదే ఒకటి పెరుగుతుంది. యాడ్ చూసే ముందు ఆ టైమర్‌లో ఎంత మిగిలిందో రాసుకోకపోతే, టైమర్ ఇచ్చిన లైఫ్‌ని యాడ్ ఇచ్చిందని పొరబడతారు.

7 సార్లు వచ్చింది, 3 సార్లు రాలేదు. ఆ 3 సార్లలో తేడా ఏమిటి? అప్పుడు గేమ్ లోగోతో మొదలవలేదు, ఆపిన చోటే తెరుచుకుంది. అంటే తేడా ర్యామ్ సైజులో లేదు, వెనక ఉన్న గేమ్‌ని ఫోన్ మూసేసిందా లేదా అన్నదాంట్లో ఉంది. ర్యామ్ తక్కువ ఉన్నప్పుడు ఆండ్రాయిడ్ వెనక ఉన్న యాప్‌ల ప్రాసెస్‌ని చంపేసి చోటు చేసుకుంటుంది. ఇది నిజమో కాదో పెద్ద ఫోన్ మీద తేల్చొచ్చు. కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌కి కమాండ్లు పంపే ఏడీబీ టూల్ వాడటం వచ్చినవాళ్లు యాడ్ పూర్తయ్యాక హోమ్ నొక్కి, కంప్యూటర్ నుంచి ఈ కమాండ్ ఇవ్వాలి. చివర్లో ఉన్న పేరు బదులు మీ గేమ్ ప్యాకేజీ పేరు పెట్టండి.

```
adb shell am kill com.example.game
```

ఇది వెనక ఉన్న యాప్‌ని, ఫోన్ తనంతట తాను మూసేసినట్టే మూసేస్తుంది. తర్వాత గేమ్ తెరిస్తే 8 జీబీ ఫోన్లో కూడా 5కి 5 సార్లూ లైఫ్ రాలేదు. దీంతో కారణం ఎటువైపు ఉందో తేలిపోయింది.

ఇక్కడ రెండు దగ్గరి దారులు కనిపిస్తాయి, రెండూ వద్దు. ఒకటి, రీసెంట్ యాప్స్‌లోంచి గేమ్‌ని పైకి తోసేయడం. అది ఆటగాడు కావాలని మూసినట్టు లెక్క, వేరే కేసు. రెండోది, ఫోన్ సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో `Don't keep activities` ఆన్ చేయడం. అది ఆన్‌లో ఉంటే, యాడ్ పైకి రాగానే వెనక ఉన్న గేమ్ స్క్రీన్‌ని ఫోన్ తీసేస్తుంది. మామూలు ఆటగాడి ఫోన్లో అలా జరగదు. ఆ ఆప్షన్ పెట్టి తీసిన బగ్‌ని లెటర్‌లో పెడితే డెవలపర్ ఒక్క మాటలో కొట్టిపారేస్తారు, అది న్యాయం కూడా.

ఏడీబీ రాకపోతే ఆ భాగం వదిలేయండి. రెండు ఫోన్ల తేడా, లోగోతో మొదలవడం అన్న గమనిక, ఈ రెండూ జూనియర్ స్థాయికి చాలు. రెండో ఫోన్ కూడా లేకపోతే ఒక్క ఫోన్ మీదే, హోమ్ నొక్కాక కెమెరా తెరిచినప్పుడు ఒకలా, ఏమీ తెరవనప్పుడు ఇంకోలా చేసి పోల్చండి.

లెటర్ వెనక ఉండే రిపోర్ట్

లెటర్‌లో బగ్ మొత్తం పట్టదు. పూర్తి బగ్ రిపోర్ట్‌ని ఒక డాక్యుమెంట్‌లో రాసి, లింక్ ఇవ్వండి. అందులో పైన ఒక వాక్యంలో శీర్షిక ఉండాలి. "యాడ్ పని చేయడం లేదు" అనేది శీర్షిక కాదు. "యాడ్ పూర్తయ్యాక గేమ్ వెనక్కి వెళ్లి మూసుకుపోతే, యాడ్ లెక్క తగ్గుతుంది కానీ లైఫ్ రాదు" అన్నది శీర్షిక. దాన్ని చదివితే చాలు, మిగతాది తెరవకుండానే విషయం తెలుస్తుంది. దాని కింద గేమ్ వెర్షన్, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, నెట్ ఏది, స్టెప్స్, జరిగింది, జరగాల్సింది, ఎన్నిసార్లకు ఎన్నిసార్లు, వీడియో.

యాడ్ నడిచే సేపు, కెమెరా తెరిచి ఉంచిన నిమిషం కత్తిరించేయండి, వీడియో అరనిమిషం మించొద్దు. డెవలపర్ ఆప్షన్స్‌లో `Show taps` ఆన్ చేస్తే మీరు ఎక్కడ నొక్కారో చుక్కలా కనిపిస్తుంది, చూసేవాళ్లకి మాటల్లో చెప్పక్కర్లేదు. రికార్డింగ్‌కి ముందు నోటిఫికేషన్లు ఆపేయండి. మీ బ్యాంకు మెసేజ్ వాళ్ల మీటింగ్‌లో కనిపించాల్సిన పని లేదు.

స్టెప్స్ ఎలా ఉండాలో ఒకసారి దగ్గరగా చూడండి:

1. లైఫ్‌లు 0 అయ్యేదాకా ఏదైనా లెవెల్ ఓడండి. తర్వాతి లైఫ్‌కి టైమర్‌లో 20 నిమిషాలకు పైగా ఉందని చూసుకోండి.
2. "యాడ్ చూసి 1 లైఫ్ పొందండి" నొక్కి, యాడ్ చివరిదాకా చూడండి.
3. మూసే గుర్తు కనిపించాక, దాన్ని నొక్కకుండా హోమ్ నొక్కండి.
4. కెమెరా తెరిచి 1 నిమిషం ఉంచండి.
5. గేమ్ ఐకాన్ నొక్కి తిరిగి రండి.

మూడో స్టెప్‌లో "నొక్కకుండా" అన్న మాట తీసేసి చూడండి, బగ్ మాయమైపోతుంది. చదివే లీడ్ కూడా టెస్టరే కాబట్టి ఈ మాట దగ్గర తప్పకుండా ఆగుతారు.

కారణం గురించి మీ ఊహ ఉంటే అడుగున వేరుగా, ఊహ అని చెప్పి రాయండి. "యాడ్ లెక్క ముందే సేవ్ అవుతోంది, లైఫ్ మాత్రం యాడ్ మూశాకే ఇస్తున్నట్టుంది, మధ్యలో ప్రాసెస్ పోతే లైఫ్ ఇచ్చే భాగం నడవడం లేదనుకుంటున్నాను." ఇంతే. "మీ సర్వర్‌లో తప్పుంది" అని రాయొద్దు, బయట నుంచి మీకు సర్వర్ కనిపించదు.

ఆ లింక్‌ని ఎక్కడా బహిరంగంగా పెట్టకండి. లింక్ ఉన్నవాళ్లే చూసేలా ఉంచండి. మీకు దొరికింది ఉచితంగా కాయిన్లు తెచ్చిపెట్టే బగ్ అయితే ఇంకా జాగ్రత్త. ముందు గేమ్‌లోని సపోర్ట్ ద్వారా చెప్పండి, ఆ తేదీని లెటర్‌లో రాయండి, ఆ కాయిన్లు వాడుకోవద్దు. అలాగే ఏదైనా గేమ్ క్లోజ్డ్ టెస్టింగ్‌లో రహస్యంగా ఉంచుతామని ఒప్పుకుని చేరి ఉంటే, అక్కడ దొరికిన బగ్‌ల వివరాలు ఇంకో స్టూడియోకి రాయకూడదు. అలా రాసినవాళ్లు రేపు మా గుట్టు కూడా బయటపెడతారని లీడ్‌కి అనిపిస్తుంది.

ఇక లెటర్

ప్రకటన ఏ భాషలో ఉంటే లెటర్ ఆ భాషలోనే రాయండి. అటాచ్‌మెంట్ అడగకపోతే మెయిల్ బాడీలోనే రాయండి. పేజీలో సగం దాటి కొంచెం ఉంటే చాలు. సబ్జెక్ట్ లైన్‌లో ప్రకటనలో ఉన్న పోస్టు పేరు యథాతథంగా, తర్వాత మీ పేరు. అందులో బగ్ గురించి రాయొద్దు, సపోర్ట్ మెయిల్ అనుకుని వేరే చోటికి పంపేస్తారు.

ఒక నమూనా:

> సబ్జెక్ట్: జూనియర్ క్యూఏ టెస్టర్ దరఖాస్తు – (మీ పేరు)
>
> క్యూఏ టీమ్‌కి నమస్కారం,
>
> మీ జూనియర్ క్యూఏ టెస్టర్ పోస్టుకు దరఖాస్తు చేస్తున్నాను. లైవ్ గేమ్‌కి రిగ్రెషన్, పలు ఆండ్రాయిడ్ ఫోన్ల మీద టెస్టింగ్ చేయాలని ప్రకటనలో రాశారు. ఆ పని నేను ఎలా చేస్తానో మీ గేమ్ మీదే చేసిన ఒక ఉదాహరణతో చెప్తాను.
>
> వెర్షన్ 2.4.1లో, లైఫ్ కోసం యాడ్ పూర్తిగా చూసి, దాన్ని మూసే ముందు హోమ్ నొక్కి, కాసేపటికి తిరిగి వస్తే, మిగిలిన యాడ్ల లెక్క 5 నుంచి 4 అవుతోంది కానీ లైఫ్ రావడం లేదు. 3 జీబీ ర్యామ్ ఫోన్లో ఇది 10కి 7 సార్లు వచ్చింది, 8 జీబీ ఫోన్లో 10కి 0. వచ్చిన ప్రతిసారీ గేమ్ లోగో నుంచి మొదలైంది కాబట్టి, వెనక ఉన్న గేమ్‌ని ఫోన్ మూసేసినప్పుడే ఇలా అవుతోందని అనుకుని, 8 జీబీ ఫోన్లో ప్రాసెస్‌ని ఏడీబీతో మూసి చూశాను: 5కి 5 సార్లు వచ్చింది. ఇది ఇప్పటికే మీ లిస్టులో ఉండొచ్చు. పూర్తి రిపోర్ట్, 25 సెకన్ల వీడియో ఈ లింక్‌లో ఉన్నాయి: (లింక్)
>
> టెస్టింగ్ నేను సొంతంగా నేర్చుకున్నాను. ఏడాదిగా వారానికో గేమ్ అప్‌డేట్ తీసుకుని, టెస్ట్ కేసులు రాసి, దొరికినవి రిపోర్ట్ చేస్తున్నాను. అదే లింక్‌లో మరో రెండు రిపోర్ట్‌లు, మీ గేమ్‌లోని రోజువారీ బహుమతి స్క్రీన్‌కి నేను రాసిన టెస్ట్ కేసుల షీట్ ఉన్నాయి. ఐఫోన్ మీద ఇంతవరకు పని చేయలేదు. టీమ్‌తో కలిసి జీరా బగ్ ట్రాకర్ వాడలేదు, దాని ఉచిత ప్లాన్‌లో నా రిపోర్ట్‌లు పెట్టుకుంటూ అలవాటు చేసుకున్నాను.
>
> నెల రోజుల్లో చేరగలను. మీరు ఏదైనా బిల్డ్ ఇచ్చి టెస్ట్ చేయమంటే చేయడానికి సిద్ధం.
>
> (పేరు, ఫోన్ నంబర్)

ఇందులో కొన్ని వాక్యాలు ఎందుకు అలా ఉన్నాయో చెప్పాలి. "ఇది ఇప్పటికే మీ లిస్టులో ఉండొచ్చు" అన్నది మొహమాటానికి పెట్టింది కాదు. విడుదలైన గేమ్‌లో టీమ్‌కి తెలిసి వదిలేసిన బగ్‌లు ఎప్పుడూ ఉంటాయి. విడుదల తేదీ దగ్గరపడి, అంతకంటే పెద్దవి ముందు సరిచేసుకుని ఉంటారు. ఆ సంగతి తెలిసినట్టు రాస్తే లోపలి పని అర్థమైన మనిషి అనిపిస్తారు. "ఇంత పెద్ద బగ్ ఎలా వదిలేశారు" అన్న ధోరణి కొంచెం కూడా తగలనివ్వొద్దు, చదివేది ఆ భాగాన్ని టెస్ట్ చేసినవాళ్లే కావచ్చు.

"సొంతంగా నేర్చుకున్నాను" అన్న వాక్యం మూడో పేరాలో ఉంది. చాలామంది దీన్ని మొదట్లో పెట్టి, "అనుభవం లేకపోయినా", "డిగ్రీ వేరే అయినా" అంటూ క్షమాపణలా రాస్తారు. పని చూపించాక చెప్తే అదే వాక్యం వివరణ అవుతుంది. పక్కనే ఏం చేస్తున్నారో ఉండాలి, ఎంత ఆసక్తో కాదు. ఏడాదిగా చేయకపోతే ఏడాది అని రాయొద్దు, రెండు నెలలైతే రెండు నెలలే రాయండి. టెస్టర్లకి సర్టిఫికెట్ ఇచ్చే ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పరీక్ష పాసైతే ఒక ముక్కలో చెప్పండి. రాయబోతున్నానని మాత్రం రాయకండి, అది ఎవరైనా రాయొచ్చు.

తెలియనివి చెప్పిన వాక్యాలు చూసి కొందరు భయపడతారు. టెస్ట్ రిపోర్ట్‌లో ఏం టెస్ట్ చేయలేదో చెప్పడం కూడా పనిలో భాగమే. "ఐఫోన్ మీద చేయలేదు" అని మీరే చెప్తే, మిగతా లెక్కలని లీడ్ నమ్ముతారు. కానీ ఒకటి రెండు చాలు, పెద్ద జాబితా వద్దు. ప్రకటనలో తప్పనిసరి అని రాసినవాటిలో ఏది మీకు రాదో అదే చెప్పండి.

లెటర్‌లో లేనివి కూడా గమనించండి. గేమ్‌ని పొగడలేదు. తీవ్రత "క్రిటికల్" అని రాయలేదు. గేమ్ క్రాష్ కావడం లేదు, ఆటగాడి డబ్బు పోవడం లేదు, ఒక యాడ్ వృథా అవుతోంది అంతే. లింక్‌లోని రిపోర్ట్‌లో తీవ్రత మధ్యస్థం అని పెడితే సరిపోతుంది. దీన్ని ఎప్పుడు సరిచేయాలి అన్నది ప్రాధాన్యం, అది వాళ్ల నిర్ణయం. తీవ్రత, ప్రాధాన్యం ఈ రెండింటి తేడా తెలియక ప్రతి బగ్‌నీ క్రిటికల్ అనే కొత్తవాళ్లు టీమ్‌కి నిజంగా తలనొప్పి.

స్టూడియోకి విడుదలైన గేమ్ ఇంకా లేకపోతే, వాళ్లు తయారు చేస్తున్న రకానికి దగ్గరగా ఉన్న గేమ్ తీసుకుని ఇదే చేయండి. లెటర్‌లో ఆ గేమ్ పేరు రాయక్కర్లేదు, "ఒక పజిల్ గేమ్‌లో" అంటే చాలు. ఇంకొకరి తప్పులని పేరు పెట్టి ఊరంతా చెప్పే మనిషిలా కనిపించాల్సిన అవసరం లేదు.

పంపే రోజు

లెటర్‌ని కూడా ఒక బిల్డ్‌లా, అంటే టెస్ట్‌కి వచ్చిన గేమ్ వెర్షన్‌లా, టెస్ట్ చేయండి. లింక్‌ని మీ అకౌంట్ లేని బ్రౌజర్‌లో, ఇన్‌కాగ్నిటోలో తెరవండి. పర్మిషన్ అడిగే లింక్ వెళ్లిందంటే ఆ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది, ఎవరూ మీకు రిక్వెస్ట్ పంపి కూర్చోరు. ఫోన్లో కూడా తెరిచి, వీడియో నడుస్తుందో చూడండి. లెటర్‌లో రాసిన అంకెలు, రిపోర్ట్‌లోని అంకెలు ఒకటేనా? లెటర్‌లో 10కి 7, రిపోర్ట్‌లో 10కి 6 ఉంటే టెస్టర్ కళ్లకి మొదట కనిపించేది అదే. స్టూడియో పేరు, పోస్టు పేరు అక్షరం అక్షరం ప్రకటనతో పోల్చండి. ఒకే లెటర్‌ని మార్చి మార్చి పంపేవాళ్లు పాత స్టూడియో పేరు అలాగే వదిలేయడం మామూలే.

చివరగా స్టోర్‌లో అప్‌డేట్ వచ్చిందేమో చూసి, వచ్చి ఉంటే ఇన్‌స్టాల్ చేసి, పాత ఫోన్లో ఐదు స్టెప్స్‌నీ మళ్లీ 5 సార్లు చేయండి. బగ్ అలాగే ఉంటే లెటర్‌లో వెర్షన్ నంబర్ కొత్తది రాసి, ఆ వెర్షన్ మీద ఎన్నిసార్లకు ఎన్నిసార్లు వచ్చిందో కూడా కొత్తగా తీయండి. పాత లెక్కకి కొత్త వెర్షన్ అంటించొద్దు. రాకపోతే కంగారుపడి లెటర్ చింపేయకండి. పాత ఫోన్లో ఇంకో రోజు 5 సార్లు చేసి, అప్పటికీ రాకపోతే ఆ పేరాకి ఒక వాక్యం కలపండి: "2.4.2లో 3 జీబీ ఫోన్ మీద మళ్లీ చూశాను, 10కి ఒక్కసారీ రాలేదు, సరిచేసినట్టున్నారు." సరిచేసినదాన్ని మళ్లీ సరిచూడటం జూనియర్ టెస్టర్ మొదటి వారం నుంచి చేసే పని, మీరు దాన్ని పోస్టు రాకముందే చేసినట్టవుతుంది. ఇంటర్వ్యూకి పిలిస్తే మొదట అడిగేది కూడా దాదాపు ఇదే: "ఈ బగ్ సరిచేశామని చెప్తే, ఇంకేం టెస్ట్ చేస్తావు?" యాడ్ మధ్యలో వెళ్లిపోతే, నెట్ లేకుండా తిరిగొస్తే, ఒకే యాడ్‌కి రెండు లైఫ్‌లు వస్తాయా, యాడ్ ఇచ్చే మిగతా బహుమతులకి కూడా ఇదే తేడా ఉందా. ఈ నాలుగింటికీ మీరు ఏం చేసి చూస్తారో ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.